మంగు మచ్చల ట్యూబు మీది సన్నని అక్షరాలు



ప్రభుత్వ వైద్యునిగా పదవీ విరమణ చేసిన తరువాత నేను శంషాబాద్‌లో స్థిరపడ్డాను. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి ఈ ఊరి జీవితం ఎంత మారిందో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. విమానాశ్రయంలో సరకుల విభాగం మొదలుకొని హోటళ్ళు, దుకాణాలు, టాక్సీల వరకు వేలమందికి ఉపాధి దొరికింది. ఉదయం నడకకు వెళ్ళేటప్పుడు, రాత్రి షిఫ్టు ముగించుకొని కంపెనీ బస్సు దిగే ఆడపిల్లలు నాకు రోజూ ఎదురవుతుంటారు. వారిలో కొందరు ఇంటికి వచ్చి సలహాలు అడుగుతుంటారు. నేను ఇప్పుడు చికిత్స చేయను. విని, నాకు తెలిసినది చెప్పి, వెళ్ళవలసిన చోటికి పంపుతాను.

అలా వచ్చిన ఒక అమ్మాయి గురించి ఈ వ్యాసం. ఆమెను గుర్తుపట్టే వివరాలను మార్చాను. మిగిలినదంతా జరిగినట్టే రాస్తున్నాను.

ఆమె వయస్సు ఇరవై ఏడేళ్ళు. ఉద్యోగం విమానాశ్రయం దగ్గరే. ఒక ఆదివారం పొద్దున తన అత్తగారితో కలిసి వచ్చింది. కుర్చీలో కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. చివరకు అత్తగారే అందుకున్నారు. "డాక్టరు సార్, పిల్లకు తొమ్మిదో వారం నడుస్తున్నది. మొగానికి ఏదో క్రీము రాసుకున్నదట. దాంతో బిడ్డకు అవిటితనం వస్తదని ఎవరో చెప్పిన్రు. మొన్నటి సంది అన్నం తింటలేదు. తీసేయించుకుంటా అంటున్నది."

నేను ఆ అమ్మాయిని, "ఆ క్రీము తెచ్చావా అమ్మా?" అని అడిగాను. చేతిసంచిలో నుండి రెండు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి సగం వాడిన ట్యూబు, రెండవది మూతమీద అందమైన బొమ్మ ఉన్న చిన్న డబ్బా. ఈ వ్యాసమంతా ఆ రెండింటి కథే. వాటి మీద ఏమి రాసి ఉందో, ఏమి రాసి లేదో, దానిని ఎలా చదవాలో మీకు చెప్పాలన్నదే నా ఉద్దేశం.

ముందుగా ఆ క్రీము అవసరం ఎలా వచ్చిందో చూద్దాం. పెళ్ళయిన ఏడాదికి ఆమె బుగ్గలపైనా, ముక్కు మీదా, పై పెదవి మీదా గోధుమరంగు మచ్చలు వచ్చాయి. మన పెద్దలు వీటినే మంగు మచ్చలు అంటారు, వైద్య పరిభాషలో మెలాస్మా. ఎండ, వంశపారంపర్యం, స్త్రీ హార్మోన్లు దీనికి ముఖ్య కారణాలు. స్కూటీ మీద ముఖానికి అడ్డు లేకుండా బెంగళూరు రహదారి వెంట రోజూ ప్రయాణించే అమ్మాయికి అది రావడంలో వింత లేదు. గర్భం వచ్చాక ఆ హార్మోన్లు మరింత పెరుగుతాయి కనుక, అంతకు ముందు లేనివారికి కూడా ఈ మచ్చలు రావచ్చు, ఉన్నవారికి ముదరవచ్చు. తోటి ఉద్యోగిని ఒకరు చెబితే మందుల దుకాణానికి వెళ్ళి "మంగు మచ్చల క్రీము" అని అడిగింది. చీటీ లేకుండానే ఇచ్చారు. నాలుగు నెలలు వాడింది. మొదటి నెలలోనే ముఖం తేటపడింది. అందుకే మానలేదు.

ఇక ట్యూబు వెనుక అక్షరాలు చూద్దాం. అవి ఎంత సన్నగా ఉన్నాయంటే నేను భూతద్దం తీసుకోవలసి వచ్చింది. అందులో మూడు పేర్లున్నాయి. హైడ్రోక్వినోన్ రెండు శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మోమెటాసోన్ 0.1 శాతం. పక్కనే ఎర్ర గీతల చట్రంలో షెడ్యూల్ హెచ్ హెచ్చరిక. అంటే వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడని మందు. ఇది సౌందర్య సాధనం కాదు, ఔషధం. ఈ మూడింటి కలయికకు మూలం 1975లో క్లిగ్‌మన్ అనే అమెరికన్ చర్మవైద్యుడు తన సహచరునితో కలిసి ప్రకటించిన సూత్రం. సరియైన రోగికి, వైద్యుని పర్యవేక్షణలో, కొద్ది వారాలపాటు వాడితే మంచి మందే. మన దేశంలో వచ్చిన చిక్కల్లా అది తెల్లబడే క్రీముగా చేతులు మారడమే. ఇటువంటి దుర్వినియోగం కారణంగానే 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు స్టిరాయిడ్ల లేపనాలకు చీటీ తప్పనిసరి చేసింది. ఆ నియమం కాగితం మీద ఉంది. దుకాణంలో ఎంతవరకు అమలవుతున్నదో ఈ ట్యూబే సాక్ష్యం.

గర్భిణి ఈ మూడింటినీ ఎందుకు మానాలో ఒక్కొక్కటిగా చెబుతాను. కారణాలు ఒకటి కావు, భయపడవలసిన స్థాయి కూడా ఒకటి కాదు.

మొదటిది ట్రెటినోయిన్. ఇది ఎ విటమిన్‌కు దగ్గరి చుట్టం. ఇదే కుటుంబానికి చెందిన ఐసోట్రెటినోయిన్ అనే మందును తీవ్రమైన మొటిమలకు మాత్రలుగా మింగిస్తారు. అది అమెరికాలో 1982లో మార్కెట్లోకి వచ్చిన కొద్దికాలానికే, గర్భిణులు మింగినప్పుడు శిశువు చెవులు, ముఖం, గుండె, మెదడు నిర్మాణంలో తీవ్రమైన లోపాలు వస్తాయని తేలింది. ఆ అమ్మాయికి ఎవరో చెప్పిన "అవిటితనం" మాటకు మూలం ఇదే. మాట అబద్ధం కాదు, కాని అది మింగే మాత్రకు సంబంధించిన నిజం. ముఖానికి రాసే లేపనం నుండి రక్తంలోకి చేరేది అత్యల్పం. రాసుకున్నవారిలో లోపాలు పెరిగినట్టు ఇంతవరకు జరిగిన పరిశీలనలు చూపలేదు. అయినా మందు కుటుంబం అటువంటిది కనుక, మంగు మచ్చ ప్రాణం తీసే జబ్బు కాదు కనుక, గర్భంలో రాయవద్దనే అందరం చెబుతాం. ముఖం మీద ముడతలకు అమ్మే సీరముల్లోని రెటినాల్, రెటినాల్డిహైడ్, రెటినైల్ పాల్మిటేట్, మొటిమల జెల్‌లోని అడాపలీన్, సోరియాసిస్‌కు వాడే టజరోటిన్ కూడా ఈ కుటుంబంలోనివే. "రెటిన్" అన్న అక్షరాలు కనిపిస్తే చాలు, గర్భిణి ఆ సీసాను పక్కన పెట్టవచ్చు. అడాపలీన్, టజరోటిన్‌లలో ఆ అక్షరాలు ఉండవు, ఆ రెంటినీ విడిగా గుర్తుంచుకోవాలి.

రెండవది హైడ్రోక్వినోన్. దీని గురించి జనం భయపడరు, కాని నా దృష్టిలో ఆ ట్యూబులో ముందుగా ఆలోచించవలసినది ఇదే. చర్మానికి రంగునిచ్చే పదార్థం తయారు కాకుండా ఇది అడ్డుకుంటుంది. చర్మం మీద రాసిన దానిలో మూడవ వంతుకు పైగా, దాదాపు సగం వరకు ఒంట్లోకి చేరుతుంది. రాసే మందులలో ఇంతగా లోనికి వెళ్ళేవి అరుదు. శిశువుకు హాని చేస్తుందని రుజువు లేదు. హాని చేయదని ధైర్యంగా చెప్పేంత పరిశోధన కూడా లేదు. అంత మోతాదులో ఒంట్లోకి వెళ్ళే మందును అవసరం లేని చోట ఎందుకు పంపాలి? అందుకే వద్దంటాం. దీనికి మరొక గుణం ఉంది. నెలల తరబడి వాడితే కొందరికి తెల్లబడవలసిన చోట నీలి నలుపు మచ్చలు పడతాయి, అవి ఒక పట్టాన పోవు.

మూడవది మోమెటాసోన్, బలమైన స్టిరాయిడ్. మొదటి నెలలో ముఖం తేటగా కనిపించడంలో దీని పాత్ర పెద్దది. గర్భిణులు స్టిరాయిడ్ లేపనాలను ఎగ్జిమా వంటి వాటికి అవసరమైతే కొద్దికాలం వాడవచ్చు, దానికి భయపడనక్కరలేదు. గర్భకాలం మొత్తం మీద బలమైన రకాన్ని మూడువందల గ్రాములకు మించి వాడినవారిలో శిశువు బరువు తగ్గే అవకాశం పరిశీలనల్లో కనిపించింది. ఇక్కడ శిశువుకన్నా తల్లి ముఖానికే ఎక్కువ చేటు. చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్ర నరాలు తేలుతాయి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. మానిన వెంటనే ముఖం ఎర్రబడి మండుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ముందు నేను వేసిన లెక్కను మీ ముందు కూడా వేస్తాను. భయాన్ని తగ్గించడానికి ఊరడింపు మాటలకన్నా లెక్క మేలని నా అనుభవం. ఇరవై గ్రాముల ట్యూబు తనకు నలభై రోజులు వస్తుందని చెప్పింది. అంటే రోజుకు అర గ్రాము. చూపుడు వేలి మొదటి గణుపు పొడవునా పిండితే దాదాపు అంతే వస్తుంది. తొమ్మిదవ వారం అని మనం లెక్కించేది చివరి నెలసరి మొదటి రోజు నుండి. పిండం ఏర్పడి అప్పటికి సుమారు ఏడు వారాలు, నలభైతొమ్మిది రోజులు. ఆ రోజుల్లో ఆమె రాసుకున్నది దాదాపు ఇరవైఐదు గ్రాములు, ట్యూబుంబావు.

అర గ్రాము క్రీములో ట్రెటినోయిన్ 0.125 మిల్లీగ్రాములు. అందులో నూటికి రెండు వంతులు లోనికి వెళ్ళిందనుకుందాం, 0.0025 మిల్లీగ్రాములు. మొటిమలకు మింగే ఐసోట్రెటినోయిన్ మాత్ర ఇరవై మిల్లీగ్రాములు. అది దీనికి ఎనిమిది వేల రెట్లు. మన ఒంట్లో సహజంగానే ఈ రకం పదార్థం కొంత తిరుగుతూ ఉంటుంది, ఈ కొద్దిపాటి చేరిక దానిని పెద్దగా కదిలించదు. హైడ్రోక్వినోన్ రోజుకు పది మిల్లీగ్రాములు, లోనికి వెళ్ళేది దాదాపు నాలుగు. ఇది చిన్న సంఖ్య కాదు కనుక ఆ రోజే ఆపమన్నాను. మోమెటాసోన్ విషయంలో ఇరవైఐదు గ్రాముల క్రీము మూడువందల గ్రాములలో పన్నెండవ వంతు.

"ఏ మందూ ముట్టని తల్లులకు పుట్టే బిడ్డల్లో కూడా నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక లోపం ఉంటుందమ్మా. ఈ ట్యూబు ఆ సంఖ్యను పెంచిందని చూపే ఆధారం లేదు. గర్భం తీయించుకోవడానికి ఇది కారణం కాదు. నీ గైనకాలజిస్టుకు ఈ ట్యూబు చూపించు, పేర్లు రాయించు, ఇరవయ్యో వారం లోపల టిఫా స్కాన్ తప్పక చేయించు" అన్నాను. అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. అమ్మాయి మాత్రం నన్నే చూస్తూ, "మరి మాత్ర వేసుకుని ఉంటే సార్?" అని అడిగింది. తెలివైన ప్రశ్న. మాత్ర మింగి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. ఐసోట్రెటినోయిన్ మాత్ర వాడుతుండగా గర్భం వస్తే ఆ రోజే మాత్ర ఆపి, ఆలస్యం చేయకుండా గైనకాలజిస్టును కలవాలి. గర్భం కోరుకునేవారు కనీసం నెల ముందుగా ఆ మాత్ర మానాలి. రాసేదానికీ మింగేదానికీ మధ్య ఉన్న ఈ తేడా తెలియకనే ఒకవైపు అనవసరమైన గర్భస్రావాలు, మరొకవైపు అనవసరమైన నిర్లక్ష్యం జరుగుతున్నాయి.

ఇక రెండవది, ఆ అందమైన డబ్బా. గల్ఫ్‌లో పనిచేసే వాళ్ళ బావగారు సెలవుకు వచ్చినప్పుడు తెచ్చారట. మన శంషాబాద్ విమానాశ్రయంలో దిగే పెట్టెల్లో అత్తరులు, ఖర్జూరాలతో పాటు ఇటువంటి డబ్బాలు ఎన్ని వస్తుంటాయో! దీనిమీద ముందు బొమ్మ ఉంది, వెనుక తయారీదారు చిరునామా లేదు, పదార్థాల పట్టిక లేదు, బ్యాచ్ సంఖ్య లేదు. కాని లోపలి కాగితంలో ఇంగ్లీషులో ఒక హెచ్చరిక ఉంది. బంగారు, వెండి నగలకు తగలనీయవద్దని. ట్యూబు చూసినప్పుడు కలగని ఆందోళన నాకు ఆ ఒక్క వాక్యంతో కలిగింది.

బంగారానికి తగలకూడని ముఖపు క్రీము ఏమిటి? పాదరసం ఉన్నది. పాదరసం బంగారంతో, వెండితో కలిసిపోతుందని మన కంసాలులకు అనాదిగా తెలుసు. పాదరసపు లవణాలు కూడా చర్మపు రంగు తయారీని ఆపుతాయి, పైగా చవక, అందుకే దొంగచాటు క్రీముల్లో కలుపుతారు. పట్టికలో కాలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ, మెర్క్యురిక్ అయొడైడ్ అన్న పేర్లు కనిపించినా అర్థం ఇదే. చాలా వాటిలో అసలు పట్టికే ఉండదు. మన దేశపు సౌందర్య సాధనాల నియమాల ప్రకారం ముఖానికి రాసే క్రీములో పాదరసం అనుకోకుండా చేరినా పది లక్షల పాళ్ళలో ఒక పాలు మించకూడదు. దొంగ క్రీముల్లో అది వేల పాళ్ళలో ఉంటుంది.

ఇది దూరదేశపు కథ కాదు. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో మూత్రపిండాల వైద్యులు 2021 నుండి 2023 వరకు చూసిన రోగుల వివరాలను ప్రచురించారు. మూత్రంలో ప్రోటీన్ పోయే ఒక రకం జబ్బుతో వచ్చిన ఇరవైరెండు మందిలో పదిహేను మందికి ఒక అరుదైన ఉపరకం కనిపించింది. వారిలో పదముగ్గురు చర్మం తెల్లబరిచే క్రీములు వాడినట్టు ఒప్పుకున్నారు. క్రీము మానితే చాలామందికి నయమైంది. గర్భిణికి ఇందులో మరొక ప్రమాదం ఉంది. పాదరసం మాయను దాటి శిశువు మెదడుకు, మూత్రపిండాలకు చేరగలదు. రాసుకున్న చేతుల నుండి తువ్వాలుకు, దిండు గలేబుకు, పక్కన పడుకునే పసిపిల్లలకు కూడా అంటుతుంది.

ఇక్కడ వైద్యులు సైతం తప్పుదారి పట్టే అవకాశం ఉంది. గర్భిణికి కాళ్ళు వాచి, మూత్రంలో ప్రోటీన్ పోతే మేము మొదట అనుమానించేది గర్భవాతాన్ని, అంటే రక్తపోటుతో వచ్చే ప్రీ ఎక్లాంప్సియాను. అది సాధారణంగా ఇరవయ్యో వారం దాటాక వస్తుంది, దానిలో రక్తపోటు పెరుగుతుంది. రక్తపోటు మామూలుగా ఉండి, మూత్రం నురగలు కక్కుతూ, ఉదయం లేచేసరికి కళ్ళచుట్టూ వాపు ఉంటే, అంతకు ముందు ఏ క్రీము రాశారో అడగాలి. వైద్యుడు అడగకపోతే మీరే చెప్పండి. ఆ ఒక్క మాట రోగనిర్ధారణను మార్చగలదు.

డబ్బాలో పాదరసం ఉన్నదీ లేనిదీ కంటితో తేల్చలేము, వాసన చూసి చెప్పలేము, ప్రయోగశాల పరీక్షే చెప్పాలి. అయితే అంతదాకా వేచి ఉండనక్కరలేదు. తయారీదారు చిరునామా, పదార్థాల పట్టిక లేని డబ్బా గర్భిణి ఇంట్లో ఉండకూడదు, అంతే. అదృష్టవశాత్తు ఆ అమ్మాయి దానిని రెండుసార్లు మాత్రమే రాసుకుంది. డబ్బాను రెండు ప్లాస్టిక్ సంచుల్లో బిగించి ముడివేసి పిల్లలకు అందనిచోట పెట్టమన్నాను, మోరీలో పారబోయవద్దన్నాను. ముఖం తుడుచుకున్న తువ్వాలు, గలేబు మార్చమన్నాను. మూత్రంలో ప్రోటీన్ పరీక్ష ఎలాగూ ప్రతి నెలా గర్భిణులకు చేస్తారు, దానిని తప్పించుకోవద్దన్నాను.

ఇంతవరకు వద్దన్నవే చెప్పాను. "మరి ముఖం ఇట్లనే ఉండాల్నా సార్?" అని ఆమె అడిగింది. కౌంటర్ దగ్గర రోజంతా జనానికి ముఖం చూపించే ఉద్యోగం ఆమెది. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేదు.

మొదటి మార్పు మంగు మచ్చకు మూలమైన వెలుతురును ఆపడం. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ చర్మం మీదే పొరలా ఉండి ఎండను అడ్డుకుంటుంది, ఒంట్లోకి దాదాపు ఇంకదు. ఆక్సిబెంజోన్ అన్న రసాయనం ఉన్నవి రక్తంలోకి చేరతాయి కనుక గర్భిణులు వాటికి బదులు ఇవి ఎంచుకోవడం మంచిది. మంగు మచ్చల విషయంలో మరొక సూక్ష్మం ఉంది. అతినీలలోహిత కిరణాలే కాక మామూలు వెలుతురు కూడా మన వంటి గోధుమ రంగు చర్మంలో మచ్చను ముదురుస్తుంది. దానిని ఆపేది ఐరన్ ఆక్సైడ్. అందుకే కొద్దిగా లేతగోధుమ రంగు కలిపిన, టింటెడ్ అని రాసి ఉన్న రకం మేలు. అది మచ్చను కూడా కొంత కప్పుతుంది, తెల్లగా పిండి పూసినట్టు కనిపించదు. ఎస్.పి.ఎఫ్. ముప్ఫై లేక అంతకు మించి ఉంటే చాలు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండినంత ముఖానికి, మెడకు పట్టాలి. ఎక్కువమంది ఇందులో నాల్గవ వంతు రాసి, పని చేయలేదంటారు. ఎండలో ఉంటే రెండు మూడు గంటలకు మళ్ళీ రాయాలి. స్కూటీ మీద వెళ్ళేటప్పుడు చున్నీ, దానిమీద శిరస్త్రాణం. ఇవి క్రీముకు తక్కువేమీ కావు.

రెండవది అజెలాయిక్ ఆమ్లం. ఇది గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లో సహజంగా కూడా ఉంటుంది. పది నుండి ఇరవై శాతం క్రీముగా దొరుకుతుంది. రాసిన దానిలో నూటికి నాలుగు వంతుల వరకే లోనికి వెళుతుంది. మచ్చలకూ మొటిమలకూ కూడా పనికివస్తుంది కనుక గర్భిణులకు చర్మవైద్యులు తరచుగా ఎంచుకునేది ఇదే. మొదటి వారాల్లో చిమచిమలాడుతుంది, వారానికి మూడు రాత్రులతో మొదలుపెట్టి పెంచాలి. దీని లోపం ఒక్కటే, నెమ్మది. కనీసం మూడు నెలలు ఓపిక పట్టాలి. పాత ట్యూబులా నెలలో తేటపరచదు. నెలలో తేటపరిచిందంటే అందులో స్టిరాయిడ్ ఉన్నదేమోనని అనుమానించడం కూడా ఒక గుర్తే.

ఆ అమ్మాయికి అజెలాయిక్ ఆమ్లం వెంటనే మొదలుపెట్టవద్దన్నాను. నాలుగు నెలలు స్టిరాయిడ్ రాసిన ముఖం మానిన వెంటనే మండుతుంది, ఆ మంటపైన మరో మందు పడదు. అనుకున్నట్టే ఆరవ రోజున ఫోను వచ్చింది. బుగ్గలు ఎర్రగా కందిపోయాయని, పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నానని, మళ్ళీ కొంచెం ఆ ట్యూబు రాసుకోనా అని. ఎక్కువమంది జారిపడేది సరిగ్గా ఇక్కడే. మంట తగ్గడానికి మళ్ళీ రాస్తారు, తగ్గుతుంది, ఇక మానలేరు. ఆమెను చర్మవైద్యురాలి దగ్గరకు పంపాను. ఆవిడ కొద్దిరోజులపాటు ఒక శాతం హైడ్రోకార్టిజోన్ అనే తేలికపాటి స్టిరాయిడ్ ఇచ్చి, క్రమంగా తగ్గించి మాన్పించారు. సువాసన కలపని సాదా మాయిశ్చరైజరు, చల్లని నీళ్ళలో తడిపిన బట్ట, సన్‌స్క్రీన్, అంతే. మూడు వారాలకు ముఖం శాంతించింది. ఆ తరువాతే అజెలాయిక్ ఆమ్లం మొదలైంది.

ఇంటి చిట్కాల గురించి అత్తగారు అడిగారు. నిమ్మరసం రాసి ఎండలోకి వెళితే చర్మం కాలి మచ్చ ఇంకా నల్లబడుతుంది, అది వద్దన్నాను. శనగపిండితో ముఖం కడుక్కుంటే తప్పులేదు, గట్టిగా రుద్దవద్దన్నాను, రాపిడి కూడా మంగు మచ్చను పెంచుతుంది. మొటిమలకు వాడే రెండు శాతం సాలిసిలిక్ ఆమ్లపు ఫేస్‌వాష్ గురించి కూడా అడిగారు. రాసి కడిగేసేది కనుక భయం లేదు. పార్లర్లో ముఖమంతటికీ ఎక్కువ గాఢతతో వేసే పీల్ మాత్రం ప్రసవమయ్యే వరకు వద్దు.

ఆ టిఫా స్కాన్ సక్రమంగా వచ్చింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. మచ్చలు పూర్తిగా పోలేదు. పాప అన్నప్రాశన నాటికి సగానికి పైగా పలచబడ్డాయి, అందులో అజెలాయిక్ ఆమ్లం వాటా ఎంతో, ప్రసవం తరువాత హార్మోన్లు తగ్గిన వాటా ఎంతో నేను చెప్పలేను. చాలామందికి ప్రసవమయ్యాక కొన్ని నెలలకు ఈ మచ్చలు వాటంతటవే తగ్గుతాయి. ఒక మాట స్పష్టంగా రాయాలి. పాప ఆరోగ్యంగా పుట్టింది కనుక ఆ ట్యూబు సురక్షితమని అర్థం కాదు. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు. ట్యూబు మానడం సరైనదే, గర్భం నిలుపుకోవడమూ సరైనదే. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

చివరగా నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. ముప్ఫై ఏళ్ళ క్రితం ఒక తాలూకా ఆసుపత్రిలో పని చేస్తున్నప్పుడు, మంగు మచ్చలతో వచ్చిన ఒక ఇల్లాలికి హైడ్రోక్వినోన్ రాసి ఇచ్చాను. ఓ.పి.లో వందమంది వరుసలో ఉన్నారు. నెలసరి ఎప్పుడు వచ్చిందని అడగలేదు. రెండు నెలల తరువాత ఆమె గర్భిణిగా వచ్చి, ఆ క్రీము ఇంకా రాసుకోవచ్చా అని అడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు. బిడ్డకు ఏమీ కాలేదు. కాని ప్రసవమయ్యేదాకా ఆమె ప్రతి నెలా అదే ప్రశ్న అడిగింది, ప్రతి నెలా నేను నా మొదటి చీటీని తలచుకున్నాను. ఆనాటి నుండి పదిహేనేళ్ళు దాటిన ఏ ఆడపిల్లకు లేపనం రాసినా, "చివరి నెలసరి ఎప్పుడమ్మా?" అని అడగకుండా కలం తీయలేదు.

మందుల దుకాణంలో చీటీ లేకుండా ఇచ్చే అబ్బాయి ఆ ప్రశ్న అడగడు. గల్ఫ్ నుండి డబ్బా తెచ్చే బావగారు అడగరు. అందుచేత మీ ఇంట్లో గర్భిణి గాని, గర్భం కోరుకుంటున్న ఆడపిల్ల గాని ఉంటే, ఆ ప్రశ్న మీరే అడగండి. ఈ సాయంత్రం ఆమె అద్దం ముందున్న ట్యూబులన్నీ ఒకచోట పెట్టి వెనుక అక్షరాలు చదవండి. కళ్ళు ఆనకపోతే ఫోనులో ఫోటో తీసి పెద్దది చేసుకోండి. హైడ్రోక్వినోన్, రెటిన్, సోన్‌తో ముగిసే స్టిరాయిడ్ పేర్లు కనిపిస్తే రాయడం ఆపి, ట్యూబు పట్టుకుని వైద్యుని దగ్గరకు వెళ్ళండి. స్టిరాయిడ్ నెలల తరబడి రాసి ఉంటే ఆ సంగతీ చెప్పండి. అసలు అక్షరాలే లేని డబ్బా అయితే, వైద్యునికి చూపించాక మళ్ళీ ఇంటికి తేవద్దు.

వచ్చే వ్యాసంలో బాలింతల చర్మ సమస్యల గురించి రాస్తాను. అంతవరకు సెలవు.